కరెంటు మీటర్ లెక్కను ఎక్కడ దాచాలి: ఫ్లాష్, ఎస్‌రామ్, ఈఈప్రామ్‌లలో ఏది మేలు?

ఆర్డుయినో ఊనో బోర్డులో ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో 32 కేబీల ఫ్లాష్, 2 కేబీల ఎస్‌రామ్, 1 కేబీ ఈఈప్రామ్ అని మూడు రకాల మెమరీలు ఉంటాయి. ఒక సమాచారాన్ని వీటిలో దేనిలో ఉంచాలన్నది రెండు విషయాలను బట్టి తేలుతుంది: అది ఎంత తరచుగా మారుతుంది, కరెంటు పోయాక కూడా అది నిలవాలా. ఇంటి కరెంటు మీటర్ పల్స్‌లను లెక్కపెట్టే చిన్న పరికరాన్ని తీసుకుంటే ఈ మూడింటి తేడా స్పష్టంగా కనిపిస్తుంది. యూనిట్‌కు 3200 పల్స్‌లు ఇచ్చే మీటర్ మీద 2 కిలోవాట్ల లోడు నడుస్తుంటే గంటకు 6400 పల్స్‌లు, అంటే నిమిషానికి సుమారు 107 వస్తాయి.

మన ప్రోగ్రామ్ ఉండేది ఫ్లాష్‌లో. దాన్ని చదవడం వేగమే. అక్కడి నుంచి ఒక బైటు తెచ్చుకోవడానికి 16 మెగాహెర్ట్జ్ వద్ద మూడు క్లాక్ సైకిళ్లు చాలు. రాయడం మాత్రం 128 బైట్ల పేజీల లెక్కన జరుగుతుంది, పేజీకి దాదాపు 4 మిల్లీసెకన్లు పడుతుంది, తయారీదారు హామీ 10,000 సార్లకే. రోజుకు పదిసార్లు ప్రోగ్రామ్ ఎక్కించినా ఆ హామీ దాదాపు మూడేళ్లు సరిపోతుంది గనుక ప్రోగ్రామ్ వరకు చింత లేదు, కానీ నిత్యం మారే లెక్కకు ఇది తగిన చోటు కాదు.

ఎస్‌రామ్‌లో చదవడానికైనా రాయడానికైనా రెండు సైకిళ్లు, అంటే 125 నానోసెకన్లు పడుతుంది, ఎన్నిసార్లు రాసినా అది అరగదు. ప్రతి పల్స్‌కూ పెరిగే లెక్క ఇక్కడే ఉండాలి. అయితే కరెంటు పోతే అందులోనిది మొత్తం పోతుంది, పైగా ఉన్నది 2 కేబీలే. గ్లోబల్ వేరియబుల్స్, స్టాక్ రెండూ ఆ చోటునే పంచుకుంటాయి; సాధారణంగా రాసిన సందేశాల అక్షరాలు కూడా ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఫ్లాష్ నుంచి అక్కడికే కాపీ అవుతాయి. స్టాక్ పెరిగి వేరియబుల్స్ మీదికి వస్తే బోర్డు కారణం తెలియకుండా రీసెట్ అవుతుంది, లేదా సీరియల్ మానిటర్‌లో చెత్త అక్షరాలు కనిపిస్తాయి. సందేశాలను ఫ్లాష్‌లోనే ఉంచేస్తే కొంత చోటు మిగులుతుంది:

```
Serial.println(F("Meter ready"));
```

ఇక మిగిలింది కరెంటు పోయాక నిలిచే లెక్క. ఈఈప్రామ్‌ను బైటు బైటుగా మార్చవచ్చు, ఒక్కో బైటుకు 1,00,000 సార్ల హామీ ఉంది. కానీ ఒక బైటు రాయడానికి 3.4 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ఎస్‌రామ్ కన్నా సుమారు 27 వేల రెట్లు నిదానం. రాసిన ప్రతిసారీ ఎలక్ట్రాన్లు పలుచని ఆక్సైడ్ పొరను దాటి వెళ్తాయి, ఆ పొర క్రమంగా దెబ్బతింటుంది. ఫ్లాష్ అరగడానికీ ఇదే కారణం. మన మీటర్‌లో ప్రతి పల్స్‌కూ ఒకే చిరునామాలో రాస్తే 16 గంటలు తిరగకముందే హామీ అయిపోతుంది. నిమిషానికోసారి రాసినా 69 రోజులే. లక్ష అన్న అంకె చూసి నిశ్చింతగా ఉండేవారు ఈ భాగహారం ఒక్కసారి చేసి చూడాలి.

నేను మేలనుకునే పద్ధతి ఇది. లెక్క ఎస్‌రామ్‌లో పెరుగుతూ ఉంటుంది. నిమిషానికోసారి దాన్ని ఎనిమిది బైట్ల రికార్డుగా ఈఈప్రామ్‌లో రాస్తాము, అందులో నాలుగు బైట్లు లెక్క, మిగతా నాలుగు అదే లెక్క బిట్లను తిరగేసిన రూపం. 1024 బైట్లలో ఇలాంటి గళ్లు 128 పడతాయి కాబట్టి, ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ పోతే ఒక్కో గడికి 128 నిమిషాలకోసారే వంతు వస్తుంది, 69 రోజులు సుమారు 24 ఏళ్లు అవుతాయి. బోర్డు మళ్లీ మొదలైనప్పుడు గళ్లన్నీ చదివి, రెండు సగాలు ఒకదానికొకటి తిరగేసిన రూపంగా ఉన్న వాటిలో అతి పెద్ద లెక్కను తీసుకుంటే చాలు, ఎందుకంటే మీటర్ లెక్క ఎప్పుడూ తగ్గదు. ఇంకా ఏమీ రాయని గడిలో ప్రతి బైటూ `0xFF`గా ఉంటుంది కాబట్టి దాని సగాలు ఒకదానికొకటి తిరగేసిన రూపంగా ఉండవు, అది తనంతట తానే పక్కకు పోతుంది.

ఎనిమిది బైట్లు రాయడానికి పట్టే 27 మిల్లీసెకన్లలో కరెంటు పోతే ఆ ఒక్క గడి పాడవుతుంది, దాని ముందు గడి భద్రంగా ఉంటుంది. మనం పోగొట్టుకునేది ఎక్కువలో ఎక్కువ ఒక నిమిషం పల్స్‌లు, 2 కిలోవాట్ల లోడు మీద 0.033 యూనిట్. వోల్టేజీ పడిపోతున్న క్షణాల్లో ప్రాసెసర్ తప్పుడు ఆదేశాలు నడిపి ఇతర గళ్లను చెరపకుండా బ్రౌన్-అవుట్ డిటెక్టర్‌ను ఆన్‌లో ఉంచడం మాత్రం తప్పనిసరి.

ఇదే ప్రోగ్రామ్‌ను ఈఎస్‌పీ8266 బోర్డుకు మార్చేవారు ఒక విషయం గమనించాలి. అక్కడ `EEPROM` లైబ్రరీ ఉన్నా నిజమైన ఈఈప్రామ్ లేదు. `EEPROM.commit()` అన్నప్పుడు, ఏదైనా మారి ఉంటే, 4 కేబీల ఫ్లాష్ సెక్టార్ మొత్తం చెరిగి మళ్లీ రాయబడుతుంది. అందువల్ల ఒక్క గడి మార్చినా 128 గళ్లూ కలిసే అరుగుతాయి, పైన చెప్పిన పంపకం వల్ల అక్కడ ఆయువు ఏమీ పెరగదు.