ఆరేళ్ళుగా విండోస్‌కీ లినక్స్‌కీ మధ్య ఒకే ఎక్స్‌ఫ్యాట్ డిస్క్: ఫైలు పేర్లతో నా అనుభవం

మా అమ్మమ్మ, ఆవిడ చెల్లెళ్ళు పాడే పెళ్ళి పాటలు రికార్డు చేసి దాచుకుంటున్నా. నా ఇంటి మెషీన్ లినక్స్, చెల్లి ల్యాప్‌టాప్ విండోస్. మధ్యలో 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసింది. రెండిట్లోనూ పెట్టగానే తెరుచుకుంటుంది, వేగానికి కూడా వంక పెట్టడానికి లేదు. కానీ ఈ ఆరేళ్ళలో నాకు పోయిన టైమంతా ఫైలు పేర్ల దగ్గరే పోయింది, అందుకే రివ్యూ మొత్తం దాని గురించే రాస్తున్నా.

ముందు నిజంగా నష్టం జరిగిన సంగతి చెప్తా. నా రికార్డర్ ఫైళ్ళకి REC001.WAV అని పెద్దక్షరాల్లో పేరు పెడుతుంది, నేను లినక్స్‌లో నాయిస్ తీసేసి rec001.wav అని అదే ఫోల్డర్లో సేవ్ చేశా. లినక్స్‌కి అవి రెండు వేరే ఫైళ్ళు, ఏ గొడవా లేదు. ఎక్స్‌ఫ్యాట్ మాత్రం పేరు ఎలా రాస్తే అలాగే చూపిస్తుంది గానీ వెతికేటప్పుడు పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడదు, విండోస్ కూడా మామూలుగా అంతే. rsync తో కాపీ చేస్తే ముందు ఒరిజినల్ వెళ్ళింది, తర్వాత ఎడిట్ చేసింది వెళ్ళి దాని మీదే కూర్చుంది. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ రాలేదు, చివర్లో అంతా సవ్యంగా అయిందనే చూపించింది. అది నమ్మి ఇంట్లో ఫోల్డర్ తీసేశా. లినక్స్‌లో 412 ఫైళ్ళుండేవి, డిస్క్‌లో 409 ఉన్నాయని నెల తర్వాత లెక్కపెడితే తెలిసింది. మూడు పాటల ఒరిజినల్స్ పోయాయి.

అప్పట్నించి కాపీకి ముందు ఇది నడపకుండా డిస్క్ ముట్టుకోను:

```
find . | sort -f | uniq -Di
```

అక్షరం సైజులో మాత్రమే తేడా ఉన్న పేర్లు జతలు జతలుగా బయటపడతాయి. ఫోల్డర్ల పేర్లు అలా ఉన్నా దొరికిపోతాయి, Songs లోవీ songs లోవీ ఒకదాంట్లో కలిసిపోయే ప్రమాదం కూడా ఉంది కదా. ఇంకో గుర్తు ఏంటంటే, ఏమీ మార్చకుండా rsync రెండోసారి నడిపినా అవే పేర్లు మళ్ళీ కాపీ అవుతూ కనిపిస్తే అక్కడ రెండు ఫైళ్ళు ఒకే చోటు కోసం కొట్టుకుంటున్నట్టే. తెలుగులో రాసిన పేర్లకి ఈ బాధ లేదు, మన అక్షరాల్లో పెద్దా చిన్నా లేవు కాబట్టి.

తెలుగు పేర్లకి ఉన్న బాధ వేరే, దీని గురించి ఎక్కడా తెలుగులో రాసింది నాకు కనబడలేదు కాబట్టి కాస్త వివరంగా చెప్తా. చెల్లి పేరులోనే అన్నీ రాసేస్తుంది, ఏ పాట, ఎవరు పాడారు, ఏ ఊరు, ఎవరి పెళ్ళి, తారీఖు అన్నీ. విండోస్‌లో హాయిగా సేవ్ అవుతుంది, డిస్క్ మీదకీ వచ్చేస్తుంది, లినక్స్‌లో ls కొడితే కనిపిస్తుంది కూడా, హోమ్ ఫోల్డర్లోకి cp చేసేసరికి మాత్రం File name too long అంటుంది. మొదట్లో డిస్క్ పాడైందేమో అనుకున్నా. అసలు విషయం ఏంటంటే రెండు వైపులా లిమిట్ 255 యే కానీ విండోస్, ఎక్స్‌ఫ్యాట్ లెక్కపెట్టేది యూనికోడ్ అక్షరాల్ని, లినక్స్ ఈఎక్స్‌టీ4 లెక్కపెట్టేది బైట్లని. తెలుగులో ఒక్కో యూనికోడ్ అక్షరం యూటీఎఫ్-8 లో 3 బైట్లు. పైగా గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "అప్పగింతలు" తీసుకోండి, పలికితే అయిదక్షరాలు, కానీ లోపల అ, ప, పొల్లు, ప, గ, గుడి, సున్న, త, ల, కొమ్ము అని 10, అంటే 30 బైట్లు. చెల్లి పెట్టిన ఒక పేరు 104 వచ్చింది, అందులో తెలుగు 85, మిగతా 19 ఖాళీలూ అంకెలూ ఎక్స్‌టెన్షనూ. విండోస్‌కి 104 అంటే సగం కూడా కాదు. లినక్స్‌కి 85 మూళ్ళు 255, దానికి 19 కలిపితే 274. అయిపోయింది. అందుకని ఇప్పుడు మా ఇంట్లో రూలు, తెలుగు పేరు ఒక లైను దాటకూడదు, వివరాలన్నీ పక్కన ఒక స్ప్రెడ్‌షీట్‌లో.

నిషేధించిన గుర్తుల సంగతి దీంతో పోలిస్తే నయం, ఎందుకంటే అక్కడ కనీసం గట్టిగా చెప్తుంది. లినక్స్‌లో పేరులో / తప్ప కనిపించే గుర్తు ఏదైనా పెట్టొచ్చు, నేను "ముహూర్తం 6:30" అని కోలన్ పెట్టేవాణ్ణి, "ఎవరు పాడారు?" అని ప్రశ్నార్థకం కూడా పెట్టేవాణ్ణి. ఎక్స్‌ఫ్యాట్ మీదకి పంపితే Invalid argument అని ఆ ఫైలు వదిలేసి మిగతావి కాపీ చేస్తుంది, rsync అయితే చివర్లో code 23 అంటుంది, ఆ 23 చూసి కూడా పైకి స్క్రోల్ చెయ్యకపోతే ఏవి మిగిలిపోయాయో తెలీదు. ముందే పట్టుకోవాలంటే:

```
find . -name '*[<>:"\\|?*]*'
find . -mindepth 1 -name '*[. ]'
```

రెండోది చుక్కతోనో ఖాళీతోనో ముగిసే పేర్ల కోసం, విండోస్‌కి అవీ పడవు. మార్చడానికి నేను పెర్ల్ rename వాడతా, ముందు -n పెట్టి ఏమేం మారతాయో చూసుకుని ఆ తర్వాతే అసలుది.

```
rename -n 's/:/./g' *
```

మధ్యలో ఒక ఏడాది ఈ గోల పడలేక డిస్క్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చి చూశా. ntfs-3g మామూలుగా మౌంట్ చేస్తే కోలన్ ఉన్న పేర్లు ఏమీ అనకుండా రాసేసుకుంది, సంతోషించా. చెల్లి దగ్గర పెడితే ఆ ఫైళ్ళు కనిపిస్తాయి, తెరుచుకోవు, డిలీట్ కూడా కావు, మళ్ళీ లినక్స్‌కి తెచ్చి పేర్లు మార్చాల్సి వచ్చింది. మౌంట్ చేసేటప్పుడు windows_names ఆప్షన్ పెడితే అలాంటి పేర్లు రాయనివ్వదు, అది నాకు తర్వాత తెలిసింది. నా మటుకు నాకు ముందే మొహం మీద కాదనే ఎక్స్‌ఫ్యాటే మేలనిపించి వెనక్కి వచ్చేశా.

ఇంక పాత్ పొడుగు. విండోస్‌లో డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు చివరి దాకా కలిపి 260 అన్న పాత లిమిట్ ఉంది. డిస్క్ మీద ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, చెల్లి తన డాక్యుమెంట్స్‌లోకి లాగగానే ముందు C:\Users\ తో మొదలయ్యే తోక చేరి లిమిట్ దాటిపోతుంది, Destination Path Too Long అని వస్తుంది. రిజిస్ట్రీలో LongPathsEnabled ని 1 చేస్తే పోతుందంటారు, చేశాం, కొన్ని ప్రోగ్రాములకి పనిచేసింది గానీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని పట్టించుకోలేదు. మాకు పనికొచ్చింది robocopy, పొడుగు పాత్‌లు అది మామూలుగానే కాపీ చేస్తుంది. కాపీ అయినవి ఎక్స్‌ప్లోరర్లో తెరవడం మళ్ళీ తలనొప్పే, అందుకని D:\p అని చిన్న ఫోల్డర్ పెట్టి అందులోనే దించుకుంటోంది.

ఆ మూడు పాటల్లో ఒకటి రికార్డర్ పాత మెమరీ కార్డులో దొరికింది. మిగతా రెండూ నాయిస్ తీసేసినవే ఉన్నాయి, అందులో ఒకదాంట్లో పాటకి ముందు అమ్మమ్మ మాట్లాడిన ముక్క నేనే కత్తిరించేశా. ఇప్పుడు ఎడిట్ చేసినవన్నీ edit అనే వేరే ఫోల్డర్లోకే వెళ్తున్నాయి.