షుగర్ మాత్రలు వాడుతూ కార్నివోర్ డైట్ ప్లాన్ కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు చదవండి

మాంసం, చేపలు, గుడ్లు, నెయ్యి మాత్రమే తినే 90 రోజుల ప్లాన్‌కు నేను రూ. 7,500 కట్టాను. 19వ రోజున ఐసీయూలో చేరాను. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు నాలాంటి పరిస్థితి రాకూడదని ఇది రాస్తున్నాను.

నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ప్లాన్ అమ్మినవాళ్లు పంపిన ఫారంలో ఎత్తు, బరువు, నడుము కొలత, ఒక ఫొటో అడిగారు. అన్నం, రొట్టె, పప్పు, పండ్లు, కూరగాయలు పూర్తిగా బంద్ అన్నారు. చివరికి పోపులో కరివేపాకు కూడా వద్దన్నారు.

మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను. ఆ ఫొటో గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు. అది చూసి మా బావమరిది కూడా చేరబోయాడు. తగ్గిన ఆ మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీళ్లేనని తర్వాత తెలిసింది. మన కాలేయం, కండరాలు గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని దాదాపు అరకిలో దాకా దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. అన్నం మానేస్తే ఆ నిల్వ ఖర్చయిపోయి, నీరు మూత్రంలో పోతుంది. మళ్లీ తినడం మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది. మొదటి వారం ఫొటోలు చూపించి అమ్మే ఏ ప్లాన్‌నైనా ఈ లెక్కతో చూడండి.

ఒట్టి మాంసంతో ఏడాది బతికిన ప్రయోగం ఉందని కూడా రోజూ చెప్పేవాళ్లు. ప్రయోగం జరిగిన మాట నిజమే. 1928లో న్యూయార్క్ బెల్వ్యూ ఆస్పత్రిలో స్టెఫాన్సన్, ఆండర్సన్ అనే ఇద్దరి మీద అది మొదలైంది. కానీ వాళ్లు ఇద్దరే. ఇద్దరూ ఆరోగ్యవంతులు, అంతకుముందే ఆర్కిటిక్‌లో మాంసానికి అలవాటు పడ్డవాళ్లు. కొవ్వు లేని మాంసం మాత్రమే పెట్టినప్పుడు స్టెఫాన్సన్‌కు కూడా మొదటి రోజుల్లోనే ఒంట్లో బాగాలేకుండా పోయింది. అన్నిటికంటే ముఖ్యం, నేను వేసుకునే మాత్ర అప్పటికి పుట్టనే లేదు. ఎవరైనా ఒక ప్రయోగం పేరు చెబితే, అందులో నాలాంటివాళ్లు ఉన్నారా అని ముందు అడగాల్సింది. నేను అడగలేదు.

17వ రోజు నుంచి వికారం, విపరీతమైన నీరసం. కోచ్‌కు మెసేజ్ పెడితే, 'శరీరం అలవాటు పడుతోంది, ఉప్పు నీళ్లు తాగండి, కీటోన్స్ వస్తే మంచిదే' అన్నారు. మరుసటి రోజు వాంతులు, కడుపునొప్పి. ఇంట్లో మీటర్‌తో చూస్తే షుగర్ 172. అంత ఎక్కువేమీ కాదు కదా అని ఆగిపోయాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. తెల్లారేసరికి పడుకుని ఉన్నా ఆయాసం. మా ఆవిడ క్యాజువాల్టీకి తీసుకెళ్లింది. మాత్రల స్ట్రిప్ చూడగానే డాక్టర్ గారు రక్తంలో కీటోన్స్, ఆమ్లం పరీక్షలు రాశారు. కీటోన్లు పేరుకుపోయి రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ అని తేలింది. రెండు రోజులు ఇన్సులిన్, గ్లూకోజ్ రెండూ కలిపి ఎక్కించారు.

ఎందుకిలా అయిందో ఆయన ఓపిగ్గా చెప్పారు. డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేస్తుంది. పైనుంచి అన్నం, పండు ఏదీ లోపలికి పోవడం లేదు. దాంతో ఇన్సులిన్ బాగా పడిపోయి, శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది. ఇన్సులిన్ సరిపడా ఉన్నవాళ్లలో అవి ఒక హద్దులో ఆగుతాయి. నాలాంటివాళ్లలో హద్దు దాటి రక్తం ఆమ్లంగా మారుతుంది. గ్లూకోజ్ మాత్రం మూత్రంలో పోతూనే ఉంటుంది కాబట్టి మీటర్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కనిపించదు. ఈ రకం మాత్రలతో కీటోఅసిడోసిస్ రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది.

మీ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ ఇలా 'గ్లిఫ్లోజిన్' అని ముగిస్తే ఇదే రకం. పైన పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టిన పేరు, దాన్నిబట్టి తెలియదు. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లకు ప్రమాదం వేరు. అన్నం ఒక్కసారిగా మానేసి అదే డోసు వేసుకుంటే షుగర్ మరీ పడిపోతుంది. మాత్ర మీరే ఆపేయకండి, ఆహారం మార్చే ముందే రాసిచ్చిన డాక్టర్‌ను అడగండి. ఇప్పటికే ఇలాంటి డైట్‌లో ఉండి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే షుగర్ ఎంతున్నా సరే, స్ట్రిప్ చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రక్తంలో కీటోన్స్ చూడమని మీరే అడగండి.

డిశ్చార్జ్ అయ్యాక డబ్బు వెనక్కి ఇవ్వమన్నాను. 'మందుల సంగతి మీరు మాకు చెప్పలేదు' అన్నారు. వాళ్ల ఫారం ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మందుల గురించి అడిగే గడి అందులో ఒక్కటీ లేదు.