పాజ్ చేశాక పలకని ఇయర్‌బడ్స్: బ్యాటరీ సేవర్‌తో ఏడాదికి పైగా అనుభవం

ఈ ఇయర్‌బడ్స్‌ను ఏడాదికి పైగా వాడుతున్నాను. పాట బాగా వినిపిస్తుంది, కాల్స్‌లో మాట స్పష్టంగా ఉంటుంది. వాటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. నన్ను వేధించిన సమస్య ఒక్కటే: పాట ఆపి, కొంతసేపటి తర్వాత బడ్‌ను తడితే అది మళ్లీ మొదలుకాకపోవడం. ఇది బడ్స్ లోపం కాదు. బ్యాటరీని ఆదా చేయడానికి ఫోన్ యాప్‌లను ఆపేసే పద్ధతి దీనికి కారణం. ఈ సంగతి తెలియక ఎంతోమంది మంచి బడ్స్‌ను వాపసు ఇచ్చేస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అనంతపురం నుంచి కర్నూలుకు బస్సులో వెళ్లేటప్పుడు నాకు ఇది తరచుగా ఎదురయ్యేది. ముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు వింటూ, గుత్తిలో బస్సు ఆగగానే బడ్‌ను తట్టి పాట ఆపి, దిగి టీ తాగి వచ్చి కూర్చునేవాణ్ని. ఆలోగా ఛార్జింగ్ 20 శాతం కిందికి దిగితే నా ఫోన్‌లో బ్యాటరీ సేవర్ దానంతట అదే ఆన్ అవుతుంది. బస్సు కదిలాక బడ్‌ను తడితే చిన్న బీప్ వినిపించేది గానీ పాట వచ్చేది కాదు. అయితే డోన్ చేరేలోగా ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాల్ బడ్స్‌లోనే మోగేది. బడ్ మీద వేలు జరిపితే ఫోన్ వాల్యూమ్ కూడా మారేది. అంటే కనెక్షన్ తెగలేదన్నమాట.

బ్లూటూత్ కనెక్షన్‌ను నడిపేది ఆండ్రాయిడ్ సిస్టమే. పాటల యాప్‌కు దానితో సంబంధం లేదు. కాల్స్, వాల్యూమ్ సిస్టమ్ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది రాదు. ప్లే అనే ఆజ్ఞ మాత్రం సిస్టమ్‌కు చేరాక, చివరగా పాట వినిపించిన యాప్‌కు అందాలి. పాట నడుస్తున్నంతసేపు ఆ యాప్ నోటిఫికేషన్ చూపిస్తూ ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌గా ఉంటుంది, అందువల్ల సిస్టమ్ దాని జోలికి సులభంగా పోదు. పాజ్ చేశాక చాలా యాప్‌లు ఆ హోదాను వదులుకొని మామూలు బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లుగా మారతాయి. వాటిని ఆపేయడానికి బ్యాటరీ సేవర్‌కు దొరికే సందు ఇదే.

ఆండ్రాయిడ్ 8 నుంచి, చివరగా పాడిన యాప్ మూతపడి ఉన్నా, బడ్ తట్టినప్పుడు దాన్ని లేపే ప్రయత్నం సిస్టమ్ చేస్తుంది. కానీ కొన్ని ఫోన్లలో తయారీదారులు సొంతంగా చేర్చిన బ్యాటరీ నిర్వహణ, యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసినంత గట్టిగా ఆపేస్తుంది. అలా ఆగిన యాప్‌ను మనం చేత్తో తెరిస్తే తప్ప ఏ సంకేతమూ లేపలేదు. ఒక్కోసారి ఆ ఆజ్ఞ ఇంకా బతికి ఉన్న వేరే యాప్‌కు వెళ్తుంది. పాట కోసం తడితే రాత్రి సగంలో ఆపిన వీడియో మొదలవడానికి కారణం అదే.

అనుమానం తీరాలంటే, బడ్ పలకనప్పుడు ఫోన్‌ను adb అనే టూల్ ఉన్న కంప్యూటర్‌కు కలిపి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఈ ఆజ్ఞ ఇవ్వవచ్చు:

```
adb shell dumpsys media_session
```

అందులో `Media button session is` అనే వరుస వెతకాలి. పాట నడిచేటప్పుడు దాని పక్కన పాటల యాప్ పేరు ఉంటుంది. నా ఫోన్‌లో సమస్య వచ్చినప్పుడు అక్కడ `null` అని కనిపించింది, అంటే ఆజ్ఞను నేరుగా అందుకునే యాప్ ఏదీ అప్పుడు లేదు.

కడపలో ఒక మొబైల్ షాపులో బడ్స్‌ను అన్‌పెయిర్ చేసి మళ్లీ పెయిర్ చేయమన్నారు. అలా చేస్తే పనిచేస్తుంది కూడా, కానీ కారణం పెయిరింగ్ కాదు. ఆ తర్వాత సరిచూసుకోవడానికి మనమే పాటల యాప్ తెరుస్తాం కాబట్టి. మార్చవలసినది సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, పాటల యాప్‌కు సంబంధించిన బ్యాటరీ పేజీలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోవడం. ఫోన్‌లో ఆటోస్టార్ట్ అనే అనుమతి విడిగా ఉంటే దాన్నీ ఇవ్వాలి. చాలామంది ఈ అనుమతులను బడ్స్ కంపెనీ యాప్‌కు ఇచ్చి ఊరుకుంటారు. ఆ యాప్ నాయిస్ క్యాన్సిలేషన్ మార్చడానికి, బడ్స్ ఛార్జింగ్ చూపించడానికి, అప్‌డేట్‌లకు పనికొస్తుంది గానీ ప్లే, పాజ్‌లకు దాని అవసరం లేదు.

ఈ మార్పు తర్వాత గుత్తిలో ఆపిన పాట బస్సు కదిలాక ఒక్క తట్టుకే మొదలవుతోంది. బ్యాటరీ ఖర్చులో నాకు తేడా కనిపించలేదు. పాజ్‌లో ఉన్న యాప్ చేసే పని చాలా తక్కువ. ఆన్‌లైన్ పాటల విషయంలో మాత్రం మరో చిక్కు ఉంది: బ్యాటరీ సేవర్ బ్యాక్‌గ్రౌండ్ డేటాను కూడా నియంత్రిస్తుంది కాబట్టి, యాప్‌కు మినహాయింపు లేకపోతే అప్పటికే లోడైన పాట పూర్తయ్యాక తర్వాతిది రాకపోవచ్చు. బ్లూటూత్ పేజీలో ‘కనెక్టెడ్’ అన్న మాటే పోయి, కాల్ ఫోన్ స్పీకర్‌లో మోగుతుంటే అది పూర్తిగా వేరే సమస్య. అప్పుడు బడ్స్ ఛార్జింగ్, దూరం, ఫోన్‌లోని అల్ట్రా పవర్ సేవింగ్ మోడ్ చూసుకోవాలి. సిస్టమ్ అప్‌డేట్ వచ్చిన తర్వాత నా ఫోన్‌లో ఆ బ్యాటరీ ఎంపిక పాత స్థితికి వెళ్లిపోయింది కాబట్టి, ప్రతి అప్‌డేట్ తర్వాత ఆ పేజీ ఒకసారి తెరిచి చూస్తున్నాను.