బ్లాగరుకు బేకరీ రాసే కృతజ్ఞత: ఒకే సందేశమా, రెండు సందేశాలా? ఏది మేలు?

తమ బేకరీ గురించి ఎవరైనా ఆప్యాయంగా సమీక్ష రాసినప్పుడు వారికి ఏమని జవాబివ్వాలని తోటి వ్యాపారులు నన్ను తరచూ అడుగుతుంటారు. కృతజ్ఞత చెబుతూనే కలిసి పనిచేద్దామన్న మాట కూడా అదే సందేశంలో కలపాలా, లేక ముందు కృతజ్ఞత మాత్రమే చెప్పి, ప్రతిపాదనను కొన్నాళ్ల తరువాత విడిగా పంపాలా అన్నదే వారి సందేహం. నేను రెండు విధాలుగానూ చేసి చూశాను.

ఒకే సందేశం చాలు అనేవారి వాదనలో బలం లేకపోలేదు. బ్లాగరుకు మన దుకాణం పేరు, తిన్న వస్తువు రుచి బాగా గుర్తున్న సమయం సమీక్ష రాసిన ఆ వారమే. పైగా నవంబరు చివర్లో సమీక్ష వస్తే, ప్లం కేకు అమ్మకాలు ముగిసేలోగా రెండో సందేశానికి వ్యవధి ఉండదు. ఆ తొందరలోనే నేను మొదటిసారి పొరపాటు చేశాను.

సికింద్రాబాద్‌లోని మా బేకరీలో ఒకావిడ దిల్‌పసంద్ కొనుక్కుని తిని, పైపొర పలుచగా ఉందనీ, కొబ్బరి కోరులో తీపి మితంగా ఉందనీ చక్కగా రాశారు. నేను ఆ సాయంత్రమే ఇలా రాశాను: “మీ సమీక్షకు ధన్యవాదాలు. నెలనెలా మీకో డబ్బా పంపుతాం. మా ప్లం కేకు గురించి కూడా ఇలాగే రాయగలరా?” రెండు రోజుల తరువాత ఆవిడ మర్యాదగానే జవాబిచ్చారు: “నా డబ్బుతో కొనుక్కున్నాను గనుక అలా రాయగలిగానండీ. ఇప్పుడు మీ డబ్బా తీసుకుంటే, ఆ సమీక్షను కూడా మీరే రాయించారని నా పాఠకులు అనుకుంటారు.” తప్పంతా నేను వాడిన “ఇలాగే” అన్న మాటలో ఉంది. అది కేకు రుచి చూడమని అడగడం కాదు, పొగడమని అడగడం.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ఇదే: మన సందేశం ఆ పాత సమీక్షకు ఉన్న విలువను కాపాడుతుందా, చెడగొడుతుందా? ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బు మాత్రమే కాదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా చెప్పి తీరవలసిన సంబంధమే. అది ప్రకటన అన్న సంగతి పాఠకుడికి వెంటనే కనిపించాలి తప్ప, చివర్లో హ్యాష్‌ట్యాగుల గుంపులో దాక్కోకూడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో చెప్పినదీ ఇంచుమించు ఇదే. సొంత డబ్బుతో కొని రాసిన సమీక్షకు “ప్రకటన” అన్న ముద్ర అవసరం లేదు. దాని బలమంతా అందులోనే ఉంది. కృతజ్ఞతతో పాటే డబ్బా పంపితే, ముద్ర లేని ఆ సమీక్ష మీద కూడా అనుమానపు నీడ పడుతుంది.

అందుకే నేను రెండు సందేశాల వైపే మొగ్గుతాను. మొదటిది చిన్నదిగా, వారు గమనించిన ఒక్క విషయాన్ని పట్టుకుని ఉండాలి: “పైపొర గురించి మీరు రాసినది మా మాస్టరుకు చదివి వినిపించాను. ఆయన పిండిని పలుచగా వత్తడానికి పడే శ్రమను ఒకరు గుర్తించినందుకు సంతోషించారు. ధన్యవాదాలు.” ఇందులో కానుక, కూపను, లింకు ఏవీ ఉండకూడదు. వారి ఫోటో మన గోడ మీద పెట్టుకోవాలన్నా అనుమతి అడగాలి, ఎందుకంటే ఫోటో మన కేకుదైనా హక్కు సాధారణంగా తీసినవారిదే.

రెండోది మూడు, నాలుగు వారాల తరువాత, లెక్క స్పష్టంగా చెబుతూ ఉండాలి. మరుసటి ఏడాది మరొక బ్లాగరుకు నేను అక్టోబరులోనే రాసినది ఇది: “డిసెంబరు మొదటి వారంలో అర కిలో ప్లం కేకు పంపుతాము, మీ పారితోషికం ఎంతో తెలియజేయండి. నచ్చకపోతే ఆ మాటే రాయండి, ప్రచురణకు ముందు మాకు చూపనక్కరలేదు. ఇది ప్రకటన అని మొదటి వాక్యంలోనే తెలుగులో రాయాలని మాత్రం కోరుతున్నాము.” సమీక్ష తెలుగులో ఉన్నప్పుడు ఆ ముద్ర ఆంగ్లంలో ఉంటే, అది చూడవలసిన పాఠకుడు దాన్ని దాటిపోవచ్చు.

ఫోను చేయడం, సమీక్ష కిందే బహిరంగంగా వ్యాఖ్య రాయడం అనే మార్గాలూ ఉన్నాయి. ధన్యవాదానికి అవి సరిపోతాయి గాని, పారితోషికం మాటలకు పనికిరావు.

ఆ రెండో బ్లాగరు ఒప్పుకున్నారు. కేకు వాసన బాగుందనీ, కోస్తే మాత్రం ముక్క తడితడిగా ముద్దయిందనీ రాశారు. పండ్లను రసంలో నానబెట్టి సరిగా వడకట్టకపోవడమే కారణమని అనుకుని మొదట వడపోత మార్చాము. తరువాత చూస్తే, అసలు లోపం కేకు పూర్తిగా చల్లారకముందే పెట్టెలో సర్దడమని తేలింది.