టర్కీ పిల్లల మేతలోకి శెనక్కాయ చెక్కా, సోయా చెక్కా?

అనంతపురంలో టర్కీ పిల్లలు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది కోడిపిల్లల మేతనే పోస్తారు. అదే కొట్టంలో, అదే బల్బు కింద కోడిపిల్లలు చక్కగా పెరుగుతుంటాయి, టర్కీ పిల్లలు మాత్రం రెండో వారానికి రెక్కలు జారేసి కూర్చుంటాయి. నాటుకోడి, లేయర్ పిల్లలకు మేతలో 18 నుంచి 20 శాతం ప్రొటీన్ చాలు. బ్రాయిలర్ పిల్లకు 23 దాకా కావాలి. టర్కీ పిల్లకు మొదటి నాలుగు వారాలూ 28 శాతం ఉండాలి. అది తక్కువైతే ఈకలు ఆలస్యంగా, హెచ్చుతగ్గులుగా వస్తాయి. ఒకే రోజు పుట్టిన పిల్లల్లోనే కొన్ని పెద్దవి, కొన్ని గుప్పెడంతవి కనిపిస్తాయి.

మన ఊళ్లలో అంత ప్రొటీన్ ఉన్న టర్కీ మేత దొరకడం కష్టం. బ్రాయిలర్ పిల్లలకు మొదటి రోజుల్లో పోసే ప్రీస్టార్టర్ మేత తెచ్చి, అందులో ఏదో ఒక చెక్క కలిపి 28కి లాగాలి. ఏ చెక్క అన్నదే ప్రశ్న.

శెనక్కాయ చెక్క మన మిల్లుల్లోనే ఉంది, ప్రొటీన్ కూడా 40 శాతం పైనే. పాడి పశువులకు పెట్టేదే కదా అని చేయి దానిమీదికే పోతుంది. టర్కీ పిల్లలకు మాత్రం వద్దనే నేను గట్టిగా చెప్తాను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. తీగ లాగితే అవి తిన్న బ్రెజిల్ శెనక్కాయ చెక్క దగ్గర తేలింది. చెక్కకు పట్టిన బూజు వదిలే విషం అది. అఫ్లాటాక్సిన్ అనే పేరు ఆ పరిశోధనల్లోంచే వచ్చింది. కాయ ఊరే వేళకు వానలు మొహం చాటేసినా, పీకిన కాయ తడిసి సరిగా ఆరకపోయినా ఈ బూజు పడుతుంది. ఈ రెండూ మన జిల్లా రైతుకు తెలియనివి కావు. చెక్క చూడ్డానికి శుభ్రంగా ఉన్నా విషం ఉండొచ్చు, ఉడికించినా పోదు. కోడిపిల్ల తట్టుకునే మోతాదుకే టర్కీ పిల్ల కుప్పకూలుతుంది. మేత మానేసి, రెక్కలు వాల్చి, చచ్చేముందు మెడ వెనక్కి విరుచుకుంటుంది. కోసి చూస్తే కాలేయం పాలిపోయి, నెత్తుటి మచ్చలతో ఉంటుంది.

విషం లేని చెక్కే దొరికిందనుకున్నా ఇంకో లోటుంది. ప్రొటీన్‌లో భాగమై, పిల్ల కండ పట్టడానికి కావలసిన లైసిన్ సోయా చెక్కలో ఉన్నదానితో పోలిస్తే ఇందులో సుమారు సగమే. కాగితం మీద 28 వచ్చినా పిల్లకు అందేది అంత కాదు.

కాబట్టి సోయా చెక్కే మేలు. మేత దుకాణాల్లో సోయా డీఓసీ, అంటే నూనె తీసిన సోయా చెక్క, అని అడగండి. పచ్చి సోయా గింజలు దంచి పోస్తే పిల్లలకు అరగదు. లెక్క ఇలా: 23 శాతం ప్రీస్టార్టర్ 17 కిలోలు, 45 శాతం సోయా డీఓసీ 5 కిలోలు కలిపితే 22 కిలోల మేతలో సరిగ్గా 28 శాతం వస్తుంది. సోయా కలిపినందువల్ల ప్రీస్టార్టర్‌లోని ఖనిజాలు పలచబడతాయి, టర్కీకి కోడి కంటే అవీ ఎక్కువే కావాలి. అందుకని పైన కాల్షియం, భాస్వరం ఇచ్చే డీసీపీ పొడి 300 గ్రాములు కలిపి, నీళ్లలో విటమిన్ మందు ఇవ్వాలి. ఈ 22 కిలోలు 20 పిల్లలకు మొదటి నెలకు ఇంచుమించు సరిపోతాయి. ఎండాకాలం అయితే ఈ మొత్తాన్ని ఒకేసారి కాకుండా సగం సగంగా రెండు విడతల్లో కలుపుకోండి.

ప్రీస్టార్టర్ కొనేముందు సంచి మీది చీటీ చదవండి. బ్రాయిలర్ మేతల్లో రక్తవిరేచనాలు రాకుండా కలిపే మందుల్లో సాలినోమైసిన్ ఒకటి. కోడికి మందు, టర్కీకి విషం. తిన్న పిల్లల కాళ్లు చచ్చుబడి లేవలేవు, రొప్పుతూ పోతాయి. చీటీ మీద ఆ పేరున్నా, ఏ మందు కలిపారో డీలరు చెప్పలేకపోయినా, ఆ సంచి వదిలేయండి.

ఉడికించిన గుడ్డు పెడితే చాలదా అని అడుగుతారు. పది పిల్లలకు రోజుకో గుడ్డు అంటే పిల్లకు అర గ్రాము పైచిలుకు ప్రొటీన్, అంతే. దాని ఉపయోగం వేరు. కోడిపిల్ల పుట్టిన రోజే గింజ ఏరుకుంటుంది, టర్కీ పిల్ల మేత ముందే నిలబడి ఆకలితో చస్తుంది. గుడ్డును సన్నగా చిదిమి, తరిగిన ఆకుకూరతో మేత మీద చల్లి, వేలితో టక్ టక్ మని కొట్టండి. ఒక పిల్ల వచ్చి పొడిచిందంటే పక్కదీ పొడుస్తుంది. నీళ్ల పళ్లెంలో రంగు గోళీలు వేస్తే వాటిని పొడవబోయి నీళ్లు తాగుతాయి. మొదటి పదిహేను రోజులూ ఇది తప్పదు.

అయిదో వారం నుంచి 26 శాతం చాలు. అప్పుడు ప్రీస్టార్టర్ 19 కిలోలకు సోయా 3 కిలోలు కలపండి. అది ఎనిమిదో వారం దాకా నడుస్తుంది.