"సున్నా డిగ్రీల బెల్ట్" కొనేముందు ఇది చదవండి

ఫోన్ తెరిస్తే చాలు, కనపడుతుంది కదా ఆ యాడ్. బెల్టు కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి, పక్కన రెండు ఎక్స్‌రేలు, కింద "ఆపరేషన్ లేకుండా వెన్ను వంకర సున్నా డిగ్రీలకు". ఆ సెంటరే. పేరు రాయను, ఇక్కడున్న సగం మందికి తెలుసు. 68 వేలు కట్టాను. డబ్బు పోతే పోయింది, ఎనిమిది నెలలు పోయాయి. మా పాపకు అవి మామూలు నెలలు కావు.

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. నాది టైలరింగ్ షాపు. పాపకు పన్నెండేళ్లు. స్కూల్ యూనిఫాం కొలతలు తీస్తుంటే కుడి భుజం ఎత్తుగా, రెక్క ఎముక బయటికి పొడుచుకొచ్చినట్టు అనిపించింది. ముందుకు వంగమంటే వీపు కుడివైపు గట్టులా లేచింది. ఎక్స్‌రే తీయిస్తే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకి వంకరపోవడం, 26 డిగ్రీలు. ఎముకల డాక్టరు గారు చెప్పాల్సింది చెప్పారు: "పాప ఇంకా పెద్దమనిషి కాలేదు. పొడవు పెరిగేదంతా ముందుంది, దాంతోపాటు వంకరా పెరుగుతుంది. ఒంటికి అచ్చు తీసి గట్టి ప్లాస్టిక్ బ్రేస్ చేయిద్దాం, రోజుకు 18 గంటలు వెయ్యాలి." 18 గంటలు అనగానే పాప ఏడ్చింది. నేనూ మెత్తబడ్డాను. సరిగ్గా అప్పుడే ఈ మహానుభావులు దొరికారు. మెత్తటి బెల్టట, స్కూల్ నుంచి వచ్చాక రెండు గంటలట, వారానికి రెండు రోజులు ఎక్సర్‌సైజులట. వినడానికి ఎంత హాయిగా ఉందో!

నాలుగు నెలలకు వాళ్లే వాళ్ల దగ్గర ఎక్స్‌రే తీశారు. 18 డిగ్రీలు. ఎనిమిది డిగ్రీలు తగ్గిందని ఆ రిసెప్షన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను మర్నాడు పూతరేకులు పట్టుకెళ్లి ఆ సెంటర్‌లోనే పంచాను. తలచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

పోయిన నెల పాప పెద్దమనిషైంది. ఓణీల ఫంక్షన్‌కి జాకెట్టు కుడదామని టేపు పెడితే రెండు వైపులా కొలత కలవడం లేదు. మెడ నుంచి నడుముకి ఒక పక్క ఒకటి, ఇంకో పక్క ఇంకొకటి. నడుము కూడా ఒకవైపే లోపలికి నొక్కేసినట్టుంది. మళ్లీ పాత డాక్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. నిలబెట్టి తీశారు. 39.

ఆయన సెంటర్ వాళ్ల ఫిల్మ్ కూడా పక్కన పెట్టుకుని చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్కేలు తీసుకుని చూపించారు. ఈ కొలతను కాబ్ యాంగిల్ అంటారు. వంపులో పైన బాగా ఒరిగిన వెన్నుపూస ఏదో చూసుకుని దాని పై అంచు వెంట ఒక గీత, కింద బాగా ఒరిగిన పూస కింది అంచు వెంట ఇంకో గీత గీస్తారు. ఆ రెండు గీతల మధ్య కోణమే డిగ్రీలు. సెంటర్ వాళ్లు కింది గీతను ఒక పూస పైకి జరిపారు. ఆ పూస అంతగా ఒరగలేదు కాబట్టి కోణం చిన్నదైపోయింది. మొదటిసారి కొలిచిన పూసలనే పట్టుకుని డాక్టరు గారు అదే ఫిల్మ్ కొలిస్తే 23 వచ్చింది.

హమ్మయ్య, మూడైనా తగ్గిందా అన్నాను. ఆయన ఫిల్మ్ మూలన చిన్న అక్షరాలు చూపించారు. "సుపైన్" అని ఉంది. అంటే పడుకోబెట్టి తీశారు. పడుకుంటే తల బరువు, ఒంటి బరువు వెన్ను మీద పడదు, వంకర కొన్ని డిగ్రీలు దానంతటదే సర్దుకుంటుంది. నిలబెట్టి తీసుంటే అప్పటికే 30 దగ్గర ఉండేదేమో అన్నారు. పైగా ఒకే ఫిల్మ్‌ని ఇద్దరు డాక్టర్లు కొలిచినా ఐదు డిగ్రీల దాకా తేడా రావచ్చట, అంతకంటే తక్కువ తేడాను తగ్గిందనీ పెరిగిందనీ లెక్కేయకూడదట. ఇరవై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్నాను. పడుకోబెట్టి ఎవరైనా జాకెట్టు కొలత తీస్తారా? నా పిల్ల విషయంలో ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదు.

సరే, రెండు ఫిల్ములూ పట్టుకుని సెంటర్‌కి వెళ్లాను. పడుకోబెట్టి ఎందుకు తీశారని అడిగితే మేనేజర్ గారు "పాప అలసిపోయి ఉందండీ" అన్నాడు. మరి ఈ 39 ఏమిటంటే నా వైపు కూడా చూడలేదు. నేరుగా పిల్ల వైపు తిరిగి, "బెల్టు సరిగ్గా వేసుకుని ఉండవు. ఇప్పుడు చూడు, అమ్మకు ఎంత బాధో" అన్నాడు. అది "రోజూ వేసుకున్నానంకుల్" అని గొణిగి తల దించేసుకుంది. ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా మానలేదది. జ్వరం వచ్చిన రోజు కూడా కట్టుకుంది. బిల్లు వెనక "డబ్బు వాపసు ఇవ్వబడదు" అని ఉన్న లైను మీద వేలు పెట్టి చూపించాడు చూడండి, అది కూడా ఇంత మండించలేదు నన్ను.

ఇంకో మాట డాక్టరు గారు చెబితేనే తెలిసింది. తుంటి ఎముక పై అంచున ఎదుగుదలతోపాటు ఒక టోపీ లాంటిది ఏర్పడుతుంది. అది ఎంతవరకు వచ్చిందో చూసి రిస్సర్ అని 0 నుంచి 5 వరకు నంబరు వేస్తారు. మా పాప మొదటి ఎక్స్‌రేలో అది 0. ఇరవైల్లో డిగ్రీలు, రిస్సర్ 0 లేదా 1 అంటే ఊరికే వదిలేస్తే సుమారు ముగ్గురిలో ఇద్దరికి పెరుగుతుందట. ఆ సెంటర్‌లో ఈ నంబరు ఒక్కసారి కూడా ఎవరూ పలకలేదు.

మరి యాడ్‌లో అంతమంది "మా పాపకు తగ్గింది" అని ఎలా చెబుతున్నారు అంటారా? నేనూ అదే అడిగాను. 2013లో అమెరికా, కెనడా ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధన ఒకటి ఉంది. బ్రేస్ వేసినవాళ్లలో 72 శాతం మంది ఎదుగుదల ఆగేదాకా 50 డిగ్రీలు దాటలేదు. ఏమీ వేయకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లలోనూ 48 శాతం మంది దాటలేదు. అంటే ఆ బెల్టు పిల్లకి కాకుండా గోడకి కట్టినా సగం మంది అమ్మలు థాంక్స్ చెబుతారు! అదే పరిశోధనలో బ్రేస్‌ని రోజుకు 13 గంటలకు పైగా నిజంగా వేసుకున్నవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది గట్టెక్కారు. రెండు గంటల మెత్తటి బెల్టుతో కాదు.

ఇప్పుడు మా పరిస్థితి ఏమిటంటే, నిన్న అసలు బ్రేస్‌కి అచ్చు తీశారు. 26 దగ్గర మొదలుపెట్టాల్సింది 39 దగ్గర మొదలుపెడుతున్నాం. వంకర పోతుందని డాక్టరు గారు అనడం లేదు, 50 దాటకుండా ఆపడానికి ప్రయత్నిద్దాం అంటున్నారు. 50 దాటితే ఎదుగుదల ఆగాక కూడా ఏడాదికి ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుందట, అందుకే అక్కడ ఆపరేషన్ మాట వస్తుంది. స్క్రూలు, రాడ్లు వేసి ఆ పూసలన్నిటినీ ఒకటిగా అతికిస్తారు. అంతమేర వెన్ను ఇక వంగదు. పాప కూచిపూడి నేర్చుకుంటోంది. ఆ సంగతి డాక్టరు గారికి ఇంకా చెప్పలేదు.

కొనేవాళ్లకు చెప్పాలి కదా. ప్రతి ఎక్స్‌రే నిలబెట్టే తీశారా, అవే పూసలు కొలిచారా అడగండి. బ్రేస్ వచ్చాక అది వేసుకుని ఉండగా ఒక ఎక్స్‌రే తీసి వంపు ఎంత తగ్గిందో చూపించాలి. తీయం అంటే లేచి వచ్చేయండి.

అన్నట్టు, ఆ 26, 18 ఎక్స్‌రేల జత మా పాపదే, ఇప్పుడు వాళ్ల యాడ్‌లో తిరుగుతోంది. తీసేయమని మూడుసార్లు మెసేజ్ పెట్టాను. ఇప్పుడే చూశాను, ఇంకా ఉంది. 412 లైకులు. అందులో ఒకటి నాది.