"కొంచెం పాప్ అయ్యేలా చెయ్యి": పోస్టర్ల పనిలో ఐదేళ్లు గింప్ వాడాక

మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, విజిటింగ్ కార్డులు మామూలే. ఈ ఐదేళ్లలో ఇంకో రకం పని ఎక్కువైంది. ఎవరో ఎక్కడో చేయించిన పోస్టరు వాట్సాప్‌లో పంపి, "తమ్ముడూ, ఇది కొంచెం పాప్ అయ్యేలా చెయ్యి" అంటారు. అంతే. ఎవరు చూస్తారు, ఎక్కడ పెడతారు, కాగితమా ఫోనా అన్నది ఒక్క ముక్క ఉండదు. ఈ పనికి నేను వాడేది గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. మొదట వెర్షన్ 2.10, 2025లో 3.0 వచ్చాక అది. ఉచితం కాబట్టి మొదలుపెట్టాను గానీ, ఇప్పుడు దీన్ని వదలకపోవడానికి కారణం వేరే ఉంది. అది చెప్పాలంటే ముందు నేను చెడగొట్టిన ఒక పని గురించి చెప్పాలి.

పక్క వీధిలో ఒక అక్క ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముతుంది. సంక్రాంతికి ముందు పోస్టరు పంపింది. లేత ఆకుపచ్చ బ్యాక్‌గ్రౌండ్, దాని మీద కాఫీపొడి కలిసినట్టున్న ఎరుపులో "అరిసెలు, సున్నుండలు", కింద కిలో ధరలు, ఫోన్ నంబరు, పక్కన పళ్లెంలో అరిసెల ఫోటో. చూడగానే వెలిసిపోయిన గోడలా ఉంది. పాప్ చెయ్యమంది కదా అని బ్యాక్‌గ్రౌండ్‌లో ముదురు ఆకుపచ్చ పోశాను, అక్షరాలను నిఖార్సైన ఎరుపు చేశాను, ఫోటోకి సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచాను. ఫోన్లో పెట్టి చూస్తే మండిపోతోంది. అక్కకి తెగ నచ్చింది.

మూడో రోజు ఉదయం పేపర్‌తో పాటు మా ఇంట్లోనే ఒక కరపత్రం పడింది. అదే పోస్టరు, నలుపు తెలుపు జిరాక్స్. బూడిదరంగు పలక మీద బూడిదరంగు అక్షరాలు. "అరిసెలు" అని ఉందని నాకు తెలుసు కాబట్టి చదవగలిగాను. ఐదొందల కాపీలు తీయించిందట. జిరాక్స్ తీసినవాళ్ల తప్పేం లేదు, వాళ్లకి ఇచ్చిన ఫైలే అలా ఉంది.

ఆ సాయంత్రం కూర్చుని ఏం జరిగిందో లెక్క చూశాను. గింప్‌లో కలర్ పికర్‌తో రంగుల కోడ్‌లు తీసి ఒక కాంట్రాస్ట్ చెకర్‌లో వేశాను. ఈ లెక్కలో 1 అంటే అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా లేదని, 21 అంటే తెలుపు మీద నలుపు. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటారు. అక్క పంపిన పాత పోస్టరులో అది 6 దాటి ఉంది. నేను ఘనంగా మార్చిన `#FF0000`, `#008000` జోడీకి వచ్చింది 1.3 లోపే. బూడిదరంగులోకి మారిస్తే ఎరుపు 127, ఆకుపచ్చ 110 దగ్గర ఆగుతాయి, 255 మెట్ల కొలతలో. అంటే రంగు తేడా పెంచి, వెలుగు తేడా తినేశాను. ఫోన్లో రంగు తేడా ఒక్కటే కంటికి దొరికేస్తుంది, అందుకే మోసపోయాను. జిరాక్స్ మెషీన్‌కి రంగుతో పని లేదు.

ఇంకో సిగ్గుచేటు సంగతి. ఫైలు కొలత 1131×1600. పొడవుని వెడల్పుతో భాగిస్తే 1.414, అంటే అచ్చం ఏ4 కాగితం ఆకారం. ఫోన్ స్టేటస్ కోసమైతే 9:16 ఉండేది. అక్క చెప్పలేదు గానీ ఫైలు చెప్పింది. ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా నేను ముందు చేసేది `Alt+Enter` కొట్టి కొలతలు చూడటం. అదే 1600 పిక్సెళ్లు ఏ4 పొడవుకి అంగుళానికి 137 వస్తాయి, చేతిలో పట్టుకునే కాగితానికి సర్దుకోవచ్చు. ఏ3కి 97కి పడిపోతుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి. అప్పుడు మెరుగులు మొదలుపెట్టక ముందే, ఒరిజినల్ ఉంటే డాక్యుమెంట్‌గా పంపమని అడుగుతాను.

ఇక గింప్‌ని నేను వదలకపోవడానికి కారణం. పోస్టరు తెరిచి, అన్నిటికంటే పైన కొత్త లేయర్, అంటే బొమ్మ మీద ఇంకో పొర, వేసి, దాన్ని బూడిదరంగుతో నింపి, లేయర్ మోడ్ `LCh Color` పెడతాను. కింద ఉన్నదంతా నలుపు తెలుపులో కనిపిస్తుంది, కానీ బొమ్మలో రంగులు చెక్కుచెదరవు. పక్కన కన్ను గుర్తు నొక్కితే రంగులు, మళ్లీ నొక్కితే జిరాక్స్. రంగు మారుస్తూనే వెలుగు ఏమవుతోందో చూడవచ్చు. మాధ్యమం తెలియని పనికి ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు. నలుపు తెలుపులో నిలబడ్డ పోస్టరు ఫ్లెక్స్ మీద, స్టేటస్‌లో, ఎండలో ఫోన్ మీద కూడా చదవడానికి వస్తుంది. తిరగేస్తే అలా కాదు, నా కరపత్రమే సాక్ష్యం. చివర్లో ఆ లేయర్ కన్ను మూయడం మర్చిపోతే ఎక్స్‌పోర్ట్ కూడా నలుపు తెలుపులోనే వస్తుంది. రెండుసార్లు పంపేశాను కూడా.

అక్క పోస్టరు మళ్లీ చేశాను, డబ్బు తీసుకోకుండా. ఈసారి బ్యాక్‌గ్రౌండ్ లేతగానే ఉంచాను. అక్షరాల ఎరుపుని ఇంకా ముదురు చేశాను. పోస్టరులో అరుస్తున్నవి మూడు ఉన్నాయి: పేరు, ధర, ఫోన్ నంబరు. మేటర్ చదివితే చూసేది ఎవరో కూడా తెలిసిపోతుంది. కిలో ధర, పది అంకెల నంబరు, ఊరి పేరు లేకపోవడం. అంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లే, ఊరు చెప్పక్కర్లేనివాళ్లు. వాళ్లకి ముందు కావలసింది ఏం దొరుకుతుందన్నది, తర్వాత నంబరు. ధరల వెనక ఉన్న పసుపు పట్టీ తీసేశాను, హెడ్డింగ్ పెంచాను. తర్వాత జూమ్ 12.5 శాతానికి తగ్గించి చూశాను. ఆ గోరంత బొమ్మలో కూడా "అరిసెలు" చదవగలిగితే చాలు, ఇంకేమీ చదవక్కర్లేదు.

ఫోటో దగ్గర జనం ఎక్కువ పాడుచేస్తారు, నేనూ చేశాను. సాచురేషన్ పెంచితే అరిసె మాడినట్టు, లేదా నారింజ రంగు ప్లాస్టిక్‌లా వస్తుంది. నిజానికి ఆ ఫోటోకి ఉన్న జబ్బు రంగు తక్కువ కావడం కాదు, ట్యూబ్‌లైట్ పచ్చదనం. ఫోటో వరకే సెలెక్ట్ చేసి `Colors > Levels` తెరిచి, తెల్ల బిందువు పికర్‌తో స్టీలు పళ్లెం అంచు మీద నొక్కాను. మెరుపు మీద కాదు, దాని పక్కన. మెరుపు ఎలాగూ పూర్తి తెలుపే, అక్కడ నొక్కితే ఏమీ మారదు. పచ్చదనం పోయి అరిసె బెల్లం రంగులోకి వచ్చింది. తర్వాత నల్ల బిందువు కొంచెం లోపలికి జరిపితే నువ్వులు విడివిడిగా కనిపించాయి. సాచురేషన్ ముట్టుకోలేదు.

అక్షరాల పదును గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాట్సాప్ నుంచి వచ్చిన జేపెగ్‌లో ఎరుపు అక్షరాల అంచులు ముద్దగా ఉంటాయి. జేపెగ్ సాధారణంగా వెలుగుని పూర్తి వివరంతో, రంగుని తక్కువ వివరంతో నిల్వ చేస్తుంది, అందుకే. దాని మీద `Sharpen (Unsharp Mask)` గట్టిగా తిప్పితే అక్షరం చుట్టూ తెల్ల గీత, దాని బయట మురికి చుక్కలు లేస్తాయి. నేను లేయర్ కాపీ తీసి, రేడియస్ 1 దగ్గర, అమౌంట్ 0.5 దాటకుండా పెట్టి, ఆ కాపీ మోడ్ `LCh Lightness` చేస్తాను. అప్పుడు పదును వెలుగుకే తగులుతుంది, రంగు మురికి పెరగదు. అంచులు మరీ చెడిపోయి ఉంటే ఇవేవీ కాదు, హెడ్డింగ్ చెరిపేసి మళ్లీ టైపు చెయ్యడమే. గింప్‌లో యూనికోడ్ తెలుగు వత్తులతో సహా సరిగ్గా పడుతుంది. యూనికోడ్ కాని అను ఫాంట్లకి అలవాటుపడ్డ మాకు మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

టైపు చేశాక ఔట్‌లైన్ వేయాలని చెయ్యి లాగుతుంది. 3.0లో టెక్స్ట్ టూల్‌లోనే ఔట్‌లైన్ ఉంది, పాత వెర్షన్‌లో సెలెక్షన్ పెంచి కింద లేయర్‌లో రంగు పోయాల్సివచ్చేది. తెలుగులో ఇది జాగ్రత్తగా చెయ్యాలి. అక్షరం రంగులోనే ఔట్‌లైన్ వేసి లావు చేస్తే "ప"కి తలకట్టు దగ్గర ఉండే సందు పూడిపోయి "వ" అవుతుంది. "ధ" కింద గీత కలిసిపోయి "ద" అవుతుంది. అక్క రెండో పోస్టరులో "ధర" నా చేతిలోనే "దర" అయింది, ఆవిడే పట్టుకుంది. అందుకే లావు కావాలంటే ఫాంట్‌లోనే లావు రకం ఎంచుకుంటాను, ఔట్‌లైన్ వేస్తే వెనక రంగుకి దగ్గర రంగులో సన్నగా వేస్తాను.

లోట్లు కూడా చెప్పాలి. 2.10లో ఫిల్టర్ వేస్తే అది లేయర్‌లో కలిసిపోయేది, మర్నాడు "కొంచెం తగ్గించు" అంటే మళ్లీ మొదటినుంచే. 3.0లో ఫిల్టర్లు విడిగా ఉంటాయి, వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. ఈ ఒక్క మార్పుకే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. కానీ ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌కి కావలసిన నాలుగు సిరాల రంగుల పద్ధతి, సీఎంవైకేలో పూర్తి పని ఇందులో కుదరదు. ప్రింట్‌లో రంగు ఎలా ఉంటుందో సాఫ్ట్ ప్రూఫ్‌లో చూసుకోవచ్చు, దానికి కూడా ప్రెస్ వాళ్ల ప్రొఫైల్ ఫైలు కావాలి, మా ఊళ్లో అది అడిగితే వింతగా చూస్తారు. `Ctrl+S` కొడితే గింప్ సొంత ఫైలు `.xcf` వస్తుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ వేరే. కొత్తవాళ్లు ఇక్కడ ఒక గంట తిట్టుకుంటారు.

"ఎవరి కోసం?" అని అడిగితే "అందరికీ" అంటారు, కాబట్టి అది అడగడం మానేశాను. "ఎక్కడ అంటిస్తారు?" అంటే మాత్రం వెంటనే చెబుతారు. జవాబు రాకపోతే ఆగను. నలుపు తెలుపులో నిలిచేలా చేసి, "ఇది ఫోన్‌కీ చిన్న కాగితానికీ సరిపోతుంది, ఫ్లెక్స్ వేయిస్తే ముందు చెప్పండి" అని ఫైలుతో పాటు ఒక లైను పంపుతాను.

మొన్న అక్క మళ్లీ మెసేజ్ పెట్టింది, దసరాకి ఇంకొంచెం పాప్ కావాలట. ఎక్కడ అంటిస్తావక్కా అంటే, ఆటోల వెనక అంది. ఆటో వెనక రేకు అడ్డంగా ఉంటుంది, పోస్టరేమో నిలువు. టేపు పెట్టి కొలిచి పంపమన్నాను, ఇంకా రాలేదు.